‘పరారీ’ అన్న మాట తీసేశాం

పాడేరు, అరకు వైపు నుంచి వచ్చి విశాఖ దగ్గర ఒక బట్టల ఫ్యాక్టరీలో చేరిన నలుగురం మేము. చేరి మూడేళ్లయింది. ఆమధ్య హెచ్‌ఆర్ మేడం మమ్మల్ని పిలిచి, "కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజు చూపించే వీడియో చేస్తున్నాం. ఏజెన్సీ నుంచి వచ్చే పిల్లలకి మీ మాటైతే ఎక్కుతుంది. స్క్రిప్ట్ మీరే రాయండి" అన్నారు. ఆ పని ఎలా చేశామో, ఎక్కడ తప్పామో చెబుతాం. రేపు మీలో ఎవరికైనా ఇదే పని పడొచ్చు.

ముందుగా కంపెనీ రూల్స్ పుస్తకానికి తెలుగు చేసిన కాగితాలు ఇచ్చారు. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: "అనుమతి లేకుండా ఎనిమిది దినములు గైర్హాజరైన ఉద్యోగి పరారీ అయినట్లు పరిగణించబడును." మేం నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా బ్యాచ్‌లో ఒక తమ్ముడు ఇటుకల పండక్కి ఊరెళ్లి పది రోజులకి వచ్చాడు. గేటు దగ్గరే ఆపేసి "నువ్వు పరారీ లిస్టులో ఉన్నావు" అన్నారు. పరారీ అంటే మనకి పోలీసు కేసే గుర్తొస్తుంది. వాడు భయపడి, హాస్టల్లో ఉన్న పెట్టె కూడా తీసుకోకుండా బస్సెక్కేశాడు. పని చేసిన రోజుల జీతం రావాల్సి ఉందని కూడా అడగలేదు. అందుకే ఈ స్క్రిప్ట్ మాకు ఉత్త రాతపని కాలేదు.

అయినా మా మొదటి డ్రాఫ్ట్ బాగా రాలేదు. "మన కుటుంబంలోకి స్వాగతం, ఇక్కడ అందరం చిరునవ్వుతో పని చేస్తాం" అని మొదలుపెట్టాం. స్నేహంగా ఉండటమంటే అదే అనుకున్నాం. అప్పుడే చేరిన ఒక చెల్లికి చదివి వినిపిస్తే అంతా విని, "బాగుంది అన్నా. మరి పండక్కి ఊరెళ్లాలంటే ఎవర్ని అడగాలి?" అంది. ఒక పేజీ రాశాం, ఆ పిల్లకి కావాల్సింది అందులో లేదు. పైగా ఇంట్లో పని చేస్తే జీతం అడగం, సెలవు చీటీ రాయం. కంపెనీని కుటుంబం అంటే కొత్తవాళ్లు హక్కుగా అడగాల్సింది అడగడానికి మొహమాటపడతారు. ఆ మాట కొట్టేశాం.

తర్వాత పద్ధతి మార్చాం. మేం చేరినప్పుడు మమ్మల్ని తినేసిన ప్రశ్నలు రాసుకున్నాం. జీతంలో ఎందుకు కోశారు? ఊరెళ్లాలంటే ఎలా? ఎవరైనా తప్పుగా ప్రవర్తిస్తే ఎవరికి చెప్పాలి? ఈ మూడే వీడియోలో పెట్టాం. మిగతా రూల్స్ చేతికిచ్చే కాగితంలో ఉంటాయి. కాగితం మీద మధ్యకి గీత గీసి ఎడమవైపు తెర మీద కనపడేది, కుడివైపు వినపడే మాట రాశాం. రాసిన ప్రతి వాక్యం పైకి చదివి ఫోన్‌లో టైమ్ చూసుకున్నాం. ఊపిరి అందని వాక్యాన్ని రెండు చేశాం. "పరిగణించబడును" లాంటివి నోటికి రాక వాటంతట అవే పోయాయి.

జీతం సంగతి లెక్కతో చెప్పాం. మా స్క్రిప్ట్‌లో ముక్క ఇది: "నీ జీతం 14,000 అనుకుందాం. అందులో బేసిక్, డీఏ కలిపి 12,000. దాని మీద పన్నెండు శాతం, అంటే 1,440 పీఎఫ్‌కి వెళ్తుంది. అది నీ పేరు మీద జమయ్యే డబ్బే. ఈఎస్‌ఐకి 105. క్యాంటీన్‌కి 600. చేతికి 11,855 వస్తుంది. ఎవరూ మింగలేదు, స్లిప్‌లో చూసుకో." మొదటి నెల స్లిప్ చూసి, తీసుకొచ్చిన ఏజెంటే కొట్టేశాడని గొడవపడి వెళ్లిపోయినవాళ్లని మేం చూశాం. అందుకే ఈ ముక్కకి ఎక్కువ టైమ్ ఇచ్చాం. ఈఎస్‌ఐ దగ్గర ఇంకో మాట కలిపాం: నీ మీద ఆధారపడిన అమ్మానాన్నల పేర్లు, ఫొటోలు ఇస్తే వాళ్లకీ వైద్యం ఉంటుంది. కానీ కొండ మీద ఊళ్లకి ఈఎస్‌ఐ డిస్పెన్సరీ దగ్గర్లో ఉండదు, కిందకి దిగి రావాల్సిందే అని కూడా చెప్పాం. అది దాచేస్తే మిగతాదీ నమ్మరు.

సెలవు దగ్గర చిక్కొచ్చింది. సెలవు పొడిగించాలంటే ఫోన్ చేసి చెప్పాలన్నది రూలు. మన ఊళ్లలో సిగ్నల్ కోసం గుట్టెక్కాలి. ఎంత తియ్యగా రాసినా పాటించలేని రూలు పాటించలేనిదే. అదే మేడంకి చెప్పాం. ఆమె పైవాళ్లతో మాట్లాడి చిన్న మార్పు చేయించారు. వెళ్లే ముందే తిరిగొచ్చే తేదీ కాగితం మీద రాసివ్వాలి, ఆలస్యమైతే హాస్టల్లో ఉన్న స్నేహితుడు చెప్పినా చెల్లుతుంది. ఎనిమిది రోజుల రూలు మాత్రం అలాగే ఉంది. దాన్ని మెత్తగా చేసి మోసం చేయలేదు. ఇలా రాశాం: "చెప్పకుండా ఎనిమిది రోజులు రాకపోతే నీ పేరు రోల్ నుంచి తీసేసే అవకాశముంది. ముందు నీకు ఉత్తరం వస్తుంది. ఉత్తరం వచ్చినా భయపడకు, వచ్చి కారణం చెప్పు. ఉద్యోగం పోయినా, పని చేసిన రోజుల జీతం నీదే."

మూడోది ఆడపిల్లల భద్రత. మిగతా వీడియోలో వెనక పాట ఉంది, ఇక్కడ ఆపించేశాం. నవ్వులు, బొమ్మలు కూడా లేవు. మా నలుగురిలో ఉన్న అక్క నిలబడి నిదానంగా చెబుతుంది: 2013 చట్టం ప్రకారం ఇక్కడ అంతర్గత కమిటీ ఉంది, దానికి పెద్ద ఒక మహిళ. జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు రాసివ్వాలి. రాయడం రాకపోతే రాయడానికి కమిటీవాళ్లే సాయం చేయాలి, అది చట్టంలోనే ఉంది. మొదట మేం "నిస్సంకోచంగా సంప్రదించండి" అని రాస్తే అక్కే కొట్టేసింది. "సంకోచం ఉంటుందిరా. ఎక్కడికెళ్లాలో చెప్పండి చాలు" అంది. కమిటీ గది తలుపు తెర మీద చూపించాం.

కమిటీవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, జీతం లెక్క మాత్రం అన్నిటికన్నా చివర రికార్డు చేసి విడిగా పెట్టించాం. మనుషులు మారతారు, క్యాంటీన్ రేటు మారుతుంది. అప్పుడు ఆ ముక్కలు మారిస్తే చాలు, వీడియో అంతా మళ్లీ తీయక్కర్లేదు.

పలకరింపు మాత్రం ఎవరి భాషలో వాళ్లం చెప్పాం. నలుగురిలో ఒకరిది కువి, ఒకరిది ఆదివాసీ ఒడియా, ఇద్దరిది తెలుగు. మిగతాదంతా తేలిక తెలుగే.

చివరిగా పరీక్ష. చూపించాక "అర్థమైందా" అని అడగొద్దు. మనవాళ్లు అందరూ "అర్థమైందండీ" అంటారు, మేమూ అలాగే అన్నాం. "రేపు ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదని కబురొస్తే ఏం చేస్తావ్?" అని అడగాలి. కొత్తగా వచ్చిన ఆరుగురిని అడిగాం. నలుగురు తేదీ రాసిచ్చి వెళ్తామన్నారు. ఇద్దరు "చెబితే పంపరు కదా, చెప్పకుండా వెళ్తాం" అన్నారు. వాళ్లకి రూలు అర్థమైంది, నమ్మకం కలగలేదు. అందుకని సూపర్‌వైజర్ అన్నతోనే కెమెరా ముందు ఒక మాట చెప్పించాం: "కబురొస్తే రాత్రైనా నన్ను లేపు. కాగితం తీసుకుని పంపిస్తా."

ఆయన ఒప్పుకోడానికి రెండు రోజులు పట్టింది. కెమెరా ముందు అన్నాక తప్పుకోలేనని ఆయనకీ తెలుసు.