అవ్వ పాల లెక్కల ఖాళీ గడి

దమ్మామ్‌ల శుక్రవారం సెలవు కాబట్టి కొంచెం పెద్ద పోస్టు రాస్తున్న, ఓపికతో చదవండి.

జగిత్యాల దిక్కు మా ఊర్లె మా అవ్వ రెండు బర్రెలు పెట్టుకొని వాడిక పాలు పోస్తది. లెక్క అంతా ఒక నోటుబుక్కుల ఉంటది. ఇంటికి ఒక పేజీ, పేజీల 1 నుంచి 30 దాకా తేదీలు. ఈ నడుమ కంటికి పొర వచ్చి ఆపరేషన్ రాసిన్రు. నెల రోజులు నా భార్య పాలు పోయాలె, పైసలు వసూలు చెయ్యాలె. కని ఆ బుక్కు అవ్వకు తప్ప ఎవలకూ సమజ్ కాదు. అందుకే ఇంటర్ చదివే మా కొడుకు దాన్ని ఫోన్‌ల టేబుల్ చేస్తనన్నడు.

ఒక ఇంటి పేజీ చెప్త. రోజుకు లీటరు వాడిక, లీటరు 70 రూపాయలు. పేజీల 7, 21, 22 తేదీల కాడ గుండు సున్నలు. 10, 28 కాడ కూడిక గుర్తు పెట్టి ½ అని ఉంది. మిగతా 25 తేదీల కాడ ఏం లేదు, ఖాళీ.

పోరడు ఉన్నది ఉన్నట్టు కొట్టిండు. మొత్తం 0 వచ్చింది. ఎందుకంటే ½ అని కొడితే ఫోన్ దాన్ని అంకె అనుకోదు, అక్షరం అనుకుంటది, కూడికల వదిలేస్తది. తప్పు అని కూడ చెప్పదు. గుర్తుపట్టుడు ఎట్లంటే, మామూలుగ అంకె గడిల కుడి దిక్కు నిలబడుతది, అక్షరం ఎడమ దిక్కు నిలబడుతది. 0.5 అని మారిస్తే మొత్తం 1 అయింది. అవ్వ నవ్వింది: "నెలంతా పోస్తే లీటరేనా బిడ్డా?"

అసలు సంగతి ఏందంటే, అవ్వ పాలు పోసిన రోజు ఏం రాయదు. రోజు లెక్కనే పోసినం, ఇగ రాసుడెందుకు? నాగా పెడితే సున్న, ఎక్కువ పోస్తే కూడిక. అంటే అవ్వ బుక్కుల ఖాళీ అంటే "ఎప్పటి లెక్కనే" అని. ఫోన్‌ల ఖాళీ అంటే "ఏం లేదు" అని.

అప్పుడు వాడు ఖాళీ గడులన్నిట్ల 1 పెట్టిండు, కూడిక ఉన్న రెండు రోజులకు 1.5 పెట్టిండు. 28 లీటర్లు, 1960 రూపాయలు వచ్చింది. చూస్తే అంతా మంచిగనే ఉంది. కని అవ్వ "28 కాదు, 26" అన్నది. ఎట్ల బాపమ్మా అంటే, బుక్కు అట్ట లోపల చూడుమన్నది. అక్కడ "14, 15 పెండ్లికి పోయిన" అని ఉంది. ఆ రెండు రోజులు ఏ ఇంటికీ పొయ్యలే. అందరికి ఒకటే మాట కాబట్టి ఇంటింటి పేజీల రాయలే, అట్ట మీద ఒక్కసారి రాసింది.

మొదటి తప్పు ఎవలకైనా దొరుకుతది, నెలకు లీటరు అంటే నవ్వొస్తది. ఈ రెండోది దొరకదు. నా భార్య 1960 అడిగేది, ఆ ఇంటోళ్లు 140 రూపాయలు ఎక్కువ అడుగుతున్నవనేటోళ్లు. ఇన్నేండ్ల వాడిక అక్కడ తెగిపోయేది.

అవ్వ నోటి లెక్క ఎట్లుంటదో అడిగిండు వాడు. "ముప్పై పెట్టుకో, నాగాలు తీసెయ్, ఎక్కువ పోసింది కలుపు" అన్నది. టేబుల్ గూడ అట్లనే మార్చిండు. మొదటి వరుసల తేదీ, వాడిక, మార్పు, పోసినవి అని పేర్లు. వాడిక గడిల అన్ని రోజులకు 1 ముందే ఉంటది. మార్పు గడిల నాగాకు -1, అర లీటరు ఎక్కువైతే 0.5. ఏం మారకుంటే ఖాళీ, ఆ ఖాళీని ఈ కూడికల ఫోన్ సున్న అనుకుంటది, లెక్క చెడదు. పోసినవి గడిల, కింద మొత్తం గడిల ఇవి:

```
=B2+C2
=SUM(D2:D31)
```

30 ల నుంచి మూడు నాగాలు, రెండు పెండ్లి రోజులు తీసేస్తే 25, రెండు అర లీటర్లు కలిపితే 26. 1820 రూపాయలు. అవ్వ లెక్కకు సరిపోయింది. ఇంకొక లాభం, ఇప్పుడు ఎవలన్న ½ అని కొడితే పక్క గడిల `#VALUE!` అని వస్తది, తప్పు దాగదు.

మన సైట్ల టైమ్ షీట్ గూడ ఇట్లనే చూడుండ్రి. ఒక ఫోర్‌మన్ దగ్గర ఖాళీ అంటే ఎనిమిది గంటలు చేసిండు అని, ఇంకొకని దగ్గర ఖాళీ అంటే రాలేదు అని. ఆఫీసుల టైప్ చేసేటోనికి ఆ ముచ్చట తెల్వదు. అందుకే నా షీట్ల ఖాళీ ఉండది, వచ్చినోనికి 8, రానోనికి 0, పైన ఓవర్‌టైమ్ వేరే గడి.

మీ ఇంట్ల గూడ పాల లెక్కనో, కిరాణం ఖాతానో, చిట్టీ బుక్కో ఉంటే, పిల్లలు టైప్ చేసేముందు రాసినోళ్లను రెండు మాటలు అడుగుమనండి. ఏం రాయకుంటే దాని అర్థమేంది? ఈ పేజీల లేంది ఇంకెక్కడన్న రాసినవా? రాసిన మనిషి దగ్గర ఉన్నప్పుడే అడగాలె.

ఆపరేషన్ వచ్చే వారం. ఈ నెల అవ్వ బుక్కుల రాస్తది, మనుమడు ఫోన్‌ల ఎక్కిస్తడు, నెలాఖరుకు రెండూ కలిపి చూస్తరు. ఇప్పటికి ఆరు ఇండ్లు సరిపోయినయి. ఏడో ఇంటి పేజీల ఒక చుక్క ఉంది, అది సున్ననా, సిరా మరకనా అని అవ్వను అడగాలె.