నల్లజుట్టు మీద గులాబీ రంగు

నల్లజుట్టున్న ఫొటో మీద గులాబీ రంగు పోస్తే గులాబీ రాదు. నేరేడు పండు రంగు వస్తుంది. ఫొటోషాప్‌లో మొదటిసారి ఈ పని చేసినవాళ్లందరికీ ఎదురయ్యేది ఇదే. కొత్త లేయర్ మీద మంచి గులాబీ నింపుతారు, దాన్ని Color మోడ్‌లో పెడతారు, జుట్టు వరకే మాస్క్ చేస్తారు. తెర మీద చూస్తే జుట్టు మొత్తం ముదురు ఎరుపులో మునిగి ఉంటుంది. నెత్తి మీద నిగనిగలాడే చోటు మాత్రం ప్లాస్టిక్ బొమ్మ జుట్టులా పచ్చి గులాబీగా కనిపిస్తుంది. రంగు చాలలేదేమోనని ఇంకా పెంచుతారు, అప్పుడు మరీ అధ్వానమవుతుంది.

లెక్క వేస్తే కారణం దొరుకుతుంది. ఆ మోడ్ పై లేయర్ నుంచి రంగును మాత్రమే తీసుకుంటుంది, వెలుగును కింది ఫొటో నుంచే ఉంచుతుంది. వెలుగును అది కొలిచే పద్ధతి ఇది: ఎరుపులో 30 శాతం, ఆకుపచ్చలో 59 శాతం, నీలంలో 11 శాతం కలుపుతుంది. స్టూడియోలో తీసిన ఒక మామూలు పోర్ట్రెయిట్‌లో నల్లజుట్టు నడిమి భాగం ఎరుపు 30, ఆకుపచ్చ 26, నీలం 24 ఉందనుకుందాం. పూర్తి తెలుపు 255 అయితే దీని వెలుగు 27. దాని మీద #FF69B4 అనే గులాబీ వేస్తే, ఆ 27 వెలుగులో ఇమిడేలా ఫొటోషాప్ ఆ గులాబీని నొక్కేస్తుంది. మిగిలేది ఎరుపు 76, ఆకుపచ్చ 0, నీలం 38. ఇదే ఆ నేరేడు రంగు. అదే జుట్టులో వెలుగు 170 ఉన్న నిగారింపు చోట ఫలితం 255, 123, 189, అంటే నిఖార్సైన గులాబీ. రంగు కావలసిన చోట రాలేదు, తెల్లగా ఉండాల్సిన చోట వచ్చి కూర్చుంది.

సెలూన్‌లో పనిచేసేవాళ్లకు ఇందులో మొదటి సగం ఎప్పుడో తెలుసు. రంగు డబ్బా నల్లజుట్టును గులాబీ చేయలేదు. ముందు బ్లీచ్ పెట్టి వెంట్రుకలోని మెలనిన్ తీసేయాలి. జుట్టు నలుపు నుంచి ఎరుపుకి, నారింజకి, పసుపుకి తిరుగుతూ తేలికవుతుంది. లోతైన టీల్‌కు అంత దూరం పోనక్కర్లేదు గానీ, మిగిలిన పసుపు నీలంతో కలిసి ఆకుపచ్చగా తిరక్కుండా చూసుకోవాలి. సిల్వర్‌కైతే జుట్టు అరటిపండు తొక్క లోపలివైపంత లేతగా రావాల్సిందే. ఫొటోలోనూ వరుస ఇదే. మొదట వెలుగు పెంచడం, ఆ తర్వాతే రంగు.

ఎంత పెంచాలో రంగే చెబుతుంది. పై లెక్క ప్రకారం టీల్, అంటే #008080, వెలుగు 90. ఆ గులాబీది 158. సిల్వర్ #C0C0C0ది 192. నెమలి మెడ లాంటి టీల్ సహజంగానే ముదురు రంగు కాబట్టి నల్లజుట్టుకు దగ్గరి చుట్టం. సిల్వర్ అన్నిటికంటే దూరం. రంగు ఎంచుకునేటప్పుడు ఎవరికి ఏది నప్పుతుందన్న మాట ఎలాగూ వస్తుంది. దానికంటే ముందు ఈ ఫొటో ఏ రంగును మోయగలదు అని అడిగితే సగం శ్రమ తప్పుతుంది.

మన ఉదాహరణలో జుట్టు నీడలు 10 దగ్గర, నడిమి భాగం 27 దగ్గర, నిగారింపు 170 దగ్గర ఉన్నాయి. వెంట్రుకల పోగులన్నీ 10కీ 27కీ మధ్యనే దాగి ఉన్నాయి. మామూలు 8 బిట్ ఫొటోలో ఆ మధ్యలో ఉండేవి 18 మెట్లు మాత్రమే. టీల్ కోసం Curvesలో 27ను 85కి ఎత్తి, నీడను 18 దగ్గర ఆపితే, ఆ మెట్ల మధ్య దూరం దాదాపు 4 రెట్లవుతుంది. గులాబీ కోసం 27ను 130కి, నీడను 20కి తెస్తే ఆరున్నర రెట్లు. సిల్వర్ కోసం 165కి, నీడను 25కి తీసుకెళ్తే 8 రెట్లు దాటుతుంది. పోగుల మధ్య తేడాతో పాటు చీకట్లో కనిపించకుండా ఉన్న నాయిస్ కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది. ఇసుక చల్లినట్టు చుక్కలు తేలతాయి. ఫోన్‌లో తీసిన జేపెగ్ అయితే ఇంకో చిక్కుంది. జేపెగ్ ఫొటోను 8 పిక్సెళ్ల చదరాలుగా కోసి కుదిస్తుంది, చీకటి భాగాల్లోని సన్నని వివరాలను చాలావరకు వదిలేస్తుంది. జుట్టును ఎత్తగానే పోగులుండాల్సిన చోట గళ్లు బయటపడతాయి. లేని పోగును ఏ కర్వూ తెచ్చివ్వదు. అందుకే సిల్వర్ అడిగితే రా ఫైలు ఉందా అని ముందుగా అడగాలి. 14 బిట్ల రా ఫైలులో 16,384 మెట్లుంటాయి. నీడలను రా కన్వర్టర్‌లోనే ఎత్తి, ఆ తర్వాత 16 బిట్‌లో తెరిస్తే చీకట్లోని పోగులు తెగకుండా వస్తాయి.

ఎత్తేటప్పుడు జుట్టంతటినీ ఒకేలా ఎత్తడం పెద్ద పొరపాటు. చెవి వెనక, మెడ మీద, పాపిటకు ఇరువైపులా కుదుళ్ల దగ్గర నీడ ఉండాలి. అక్కడ మాస్క్‌ను సగం వరకు చెరిపితే జుట్టుకు మందం నిలుస్తుంది. కుదుళ్లు కాస్త నల్లగా మిగిలితే నష్టమేమీ లేదు. సెలూన్లలో కావాలనే అలా ఉంచుతారు, పైగా నుదుటి దగ్గర మాస్క్ అంచు అతుకు కూడా అందులో కలిసిపోతుంది.

ఇక నిగారింపు సంగతి. ఈ పనిలో అతి అందమైన విషయం ఇక్కడే ఉంది. 2003లో స్టీవ్ మార్ష్‌నర్, ఆయన సహచరులు ఒక్కో వెంట్రుక మీద వెలుగు ఎలా చెదురుతుందో కొలిచి ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. సినిమాల్లో కంప్యూటర్‌తో జుట్టు చేసేవాళ్లు ఈ రోజుకీ ఆ పునాది మీదే పని చేస్తున్నారు. దాని సారం ఇది. వెలుగులో కొంత వెంట్రుక పైపొర మీద తగిలి, లోపలికి పోకుండానే తిరిగి వస్తుంది. అది రంగు ద్రవ్యాన్ని తాకలేదు కనుక జుట్టు ఏ రంగుదైనా ఆ మెరుపు దీపం రంగులోనే ఉంటుంది. ఇంకొంత వెలుగు వెంట్రుకలోకి దూరి, అవతలి గోడకు తగిలి, మళ్లీ బయటికి వస్తుంది. దారిలో జుట్టు రంగు అంటుకుంటుంది కాబట్టి ఇది రంగు మెరుపు. వెంట్రుక పైపొర చేప పొలుసుల్లా కొద్దిగా వాలి ఉండటం వల్ల ఈ రెండు మెరుపులూ ఒకేచోట పడవు. తెల్లది కుదుళ్ల వైపు, రంగుది కొసల వైపు జరుగుతాయి. నల్లజుట్టులో రెండో మెరుపును మెలనిన్ దాదాపుగా మింగేస్తుంది, అందుకే మనకు తెల్లదొక్కటే కనిపిస్తుంది.

ఫొటోలో ఉన్న తెల్ల మెరుపు అసలుదే. దాన్ని కాపాడుకోవాలి. లేనిది రంగు మెరుపు, దాన్ని చేర్చాలి.

కాపాడటానికి రంగు లేయర్ మీద రెండుసార్లు నొక్కితే Blend If వస్తుంది. అందులో కింది వరుసలో ఉన్న తెల్ల త్రికోణాన్ని ఆల్ట్ నొక్కి పట్టుకుని రెండుగా విడదీయాలి. కర్వ్ తర్వాత గులాబీ జుట్టు 130 దగ్గరా, నిగారింపు 205 దగ్గరా ఉన్నాయనుకుంటే, ఒక సగాన్ని 170 దగ్గరికీ రెండోదాన్ని 230 దగ్గరికీ తేవచ్చు. అప్పుడు 170 దాకా రంగు నిండుగా ఉంటుంది, అక్కడి నుంచి పలచబడుతూ పోతుంది, నిగారింపు మీద సగం కంటే తక్కువే మిగులుతుంది. ప్లాస్టిక్ బొమ్మ పోయి మనిషి జుట్టు వస్తుంది. నడిమి భాగంలో ఇప్పుడు కనిపించేది 227, 77, 152. ఇది చూడగానే గులాబీ అనిపించే రంగే. ఐస్‌క్రీమ్ లాంటి లేత గులాబీ కావాలంటే వెలుగును ఇంకా ఎత్తాలి, దాంతో సిల్వర్‌కు వచ్చే ఇబ్బందులే ఇక్కడా వస్తాయి.

రంగు మెరుపు చేర్చడానికి తెల్ల మెరుపుకు కాస్త కింద, కొసల వైపు, ఇంకో కర్వ్ లేయర్‌తో పలచని పట్టీలా వెలుగు పెంచాలి. దాన్ని రంగు లేయర్ కిందే ఉంచాలి, అప్పుడు రంగు దానికి అంటుతుంది. బ్రష్ జుట్టు వాలు వెంట, పోగు పోగుగా కదలాలి. అడ్డంగా ఒక్క గీత గీస్తే రిబ్బను కట్టినట్టుంటుంది. నీడల్లో ఇంకో మార్పు కావాలి. లేత జుట్టులో వెలుగు ఒక వెంట్రుక నుంచి ఇంకో వెంట్రుకకు దూకుతూ లోపలి దాకా పోతుంది, పోయిన కొద్దీ రంగు చిక్కబడుతుంది. కనుక గులాబీ జుట్టు నీడ నల్లగా కాక చిక్కని గులాబీ ఎరుపుగా, టీల్ జుట్టు నీడ సముద్రం లోతు రంగుగా ఉండాలి.

సిల్వర్ దారి వేరు. అక్కడ వేయాల్సిన రంగంటూ పెద్దగా లేదు. జుట్టులో మిగిలిన గోధుమ ఛాయను తీసేసి, నీడల్లో కొద్దిగా నీలం కలిపితే చాలు. దాన్ని వెండిగా చూపించేది నీడకీ మెరుపుకీ ఉన్న తేడా. నడిమి భాగాన్ని 192 దాకా ఎత్తేస్తే మెరుపుకు పైన చోటు మిగలదు, అంతా బూడిద పూసినట్టు చదునుగా తయారవుతుంది, పాతికేళ్ల అమ్మాయి ముఖానికి ముసలితనం వస్తుంది. అందుకే నడిమి భాగం 165 దగ్గరే ఆగాలి, మెరుపు 240 దాకా పోవాలి.

ఇంత చేశాక కూడా ఫొటోను పట్టించేవి చెదురు వెంట్రుకలే. తల చుట్టూ గాలికి లేచిన సన్నని పోగులు మాస్క్‌లో పడకపోతే గులాబీ తల చుట్టూ నల్ల దారాలు వేలాడతాయి. మాస్క్‌ను వెడల్పు చేస్తే వెనకున్న తెర కూడా వెలిగి, తల చుట్టూ తెల్లటి వలయం ఏర్పడుతుంది. రెండూ తప్పించడానికి అంచు వరకు వేరే లేయర్ పెట్టుకోవాలి. అందులో కర్వ్‌తో ఎత్తడం ఉండకూడదు, Color బదులు Normal మోడ్‌లో పెట్టి మెత్తని బ్రష్‌తో రంగు మాత్రమే వేయాలి. వెనక తెర జుట్టు కంటే తేలికగా ఉంటే, పైన చెప్పిన త్రికోణాలతోనే ఆ రంగు తెరను తాకకుండా ఆపవచ్చు. మరీ సన్నని నాలుగైదు పోగులు మొండికేస్తే వాటిని చెరిపేసి, పక్కనున్న రంగు తీసుకుని ఒకటిన్నర పిక్సెల్ బ్రష్‌తో కొత్తగా గీయడం మేలు.

సరిచూసుకునే పద్ధతి ఒకటుంది. అన్నిటికీ పైన నలుపుతెలుపు లేయర్ ఒకటి పెట్టి చూడాలి. రంగు కనపడనప్పుడు కూడా అది తేలిక జుట్టులా, పోగులు పోగులుగా కనిపిస్తే పని కుదిరినట్టే. మసక మబ్బులా కనిపిస్తే లోపం కర్వ్‌లో ఉంది, దాన్ని రంగుతో దిద్దలేరు. తర్వాత ఆ లేయర్ తీసేసి మెడ, చెంప అంచు చూడాలి. భుజాల మీద పడ్డ గులాబీ జుట్టు చర్మం మీద కొద్దిగా గులాబీ వెలుగు వేస్తుంది. దానికి పది శాతం లోపు రంగు చాలు.

ఫొటో తీసే ముందే సిల్వర్ అనుకుంటే తిప్పలు చాలా తగ్గుతాయి. వెనక నుంచి ఒక పక్కగా ఇంకో లైటు పెట్టి జుట్టు నడిమి భాగాన్ని 27 బదులు 60 దగ్గరికీ, నీడను 15 దగ్గరికీ తెచ్చుకుంటే, అదే 165కి ఎత్తడానికి 3 రెట్లు సరిపోతుంది. పోగులు నిలుస్తాయి, నాయిస్ అంతగా లేవదు.