చెంచా ఎవరి చేతిలో ఉండాలి?

మా అమ్మది నల్గొండ, అత్తమ్మది మహబూబ్‌నగర్. బాబుకి ఆరు నెలలు నిండగానే ఇద్దరిదీ ఒకటే మాట: మెత్తగా పిసికిన పప్పన్నం, కాస్త నెయ్యి, చెంచాతో తినిపించాలి. నేనేమో బేబీ లెడ్ వీనింగ్ అన్నాను. అంటే, మెత్తటి ముక్క ముందు పెడితే బిడ్డే పట్టుకుని తింటుంది. బ్రిటన్‌కు చెందిన జిల్ ర్యాప్లీ ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతి ఇది.

ఏ పద్ధతైనా ముందు బిడ్డ సిద్ధమైందా లేదా చూడాలి. కాస్త ఆసరా ఇస్తే తల నిలిపి కూర్చోవాలి. వస్తువును తనే అందుకుని నోటిదాకా తీసుకెళ్లాలి. నోట్లో పెట్టింది నాలుకతో బయటికి నెట్టేయకూడదు. గుప్పిట చీకడం, రాత్రి లేవడం మాత్రం గుర్తులు కావు.

మొదట కందగడ్డ ఉడికించాను. రెండు వేళ్ల మధ్య నొక్కితే నలిగిపోవాలి. గుప్పిట బయట కొంచెం మిగిలేలా వేలంత పొడవు కోయాలి. బాబు కొరికాడు, ఓక్ అన్నాడు, ముఖం ఎర్రబడింది. "ఏందమ్మా, గొంతుల ఇరికిందా?" అంటూ అత్తమ్మ నోట్లో వేలు పెట్టబోయింది. ఆగమన్నాను. రెండుసార్లు దగ్గి ముక్కని బయటికి తెచ్చేశాడు.

అది గ్యాగింగ్. ఈ వయసులో ఓకరింత నాలుక మీద కాస్త ముందే మొదలవుతుంది కాబట్టి ముక్క గొంతు దాకా పోకముందే వెనక్కి వస్తుంది. అందులో చప్పుడు ఉంటుంది. వేలు పెడితే ముక్క ఇంకా లోపలికి పోవచ్చు. చోకింగ్‌లో చప్పుడు ఉండదు. ఏడుపు, దగ్గు రావు, పెదాలు నీలమవుతాయి. అప్పుడు ఏడాదిలోపు బిడ్డని ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని వీపు మధ్య ఐదు దెబ్బలు వేయాలి. ముక్క రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఐదుసార్లు నొక్కాలి. ముక్క వచ్చేదాకా ఇలా మార్చి మార్చి చేస్తుండాలి, ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. మా దగ్గర దొరికే పల్లీలు గింజగా అసలు పెట్టొద్దు. ద్రాక్షను నిలువుగా చీల్చాలి. తింటున్నంతసేపూ పక్కనే ఉండాలి.

న్యూజిలాండ్‌లో చేసిన బ్లిస్ అధ్యయనంలో ముక్కల్ని జాగ్రత్తగా ఎంచుకోవడం తల్లిదండ్రులకు నేర్పారు. అలా తిన్న పిల్లల్లో చోకింగ్ చెంచాతో తిన్నవాళ్ల కంటే ఎక్కువేం లేదు.

అత్తమ్మ మాటలోనూ నిజం ఉంది. ఆరు నెలల తర్వాత తల్లిపాలలోని ఐరన్ సరిపోదు, పండ్ల ముక్కలతో అది పెద్దగా రాదు. పప్పు, గుడ్డు, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం జావ లాంటివి చెంచాతోనే తేలిక. అందుకే మా ఇంట్లో రెండూ కలిపాం. ముందు ముక్క, తర్వాత చెంచా. జావ నింపిన చెంచా వాడి చేతికే ఇస్తే నోటికి వాడే తీసుకెళ్తాడు. తల తిప్పినా, నోరు మూసినా ఆ పూటకి అంతే.

"ఇంకో బుక్క" అని అత్తమ్మ ఇప్పటికీ అంటుంది. కానీ వాడు మూతి బిగిస్తే గిన్నె పక్కన పెట్టేది కూడా ఆమే.