గోనెసంచిని చింతపండు ధరకు అమ్మిన రోజులు

కుంట సెంటర్లో జిరాక్స్ తీయించిన ఒక్క కాగితం నన్ను రెండు సీజన్లు ఏడిపించింది. దాని మీద నేను రాసింది ఇంతే:

"బస్తర్ చింతపండు, గింజ తీసినది. కనీస ఆర్డరు 100 కిలోలు. 100 నుంచి 499 కిలోల వరకు కిలో 120 రూపాయలు. 500 నుంచి 999 వరకు 112. 1,000 కిలోలు, ఆ పైన 104. ప్యాకింగ్ 30 కిలోల గోనె బస్తా. కుంట నుంచి లారీ కిరాయి కొన్నవారిదే. జీఎస్టీ అదనం."

చివరి ముక్క సంగతి ముందు చెప్పేస్తాను. అది వేరే సరుకు అమ్మే వ్యాపారి కాగితం చూసి దించింది. ఎండు చింతపండు మీద జీఎస్టీ 2019 అక్టోబరు 1 నుంచే ఎత్తేశారు. మొదటి బేరగాడే ఫోన్‌లో నవ్వాడు. ఆ నవ్వు ఖరీదు పెద్దది కాదు. మిగతా లైన్లే ముంచాయి.

మాది కుంట. ఒడ్డు దిగితే శబరి. ఇంజరం దగ్గర హైవే వదిలి అడవిలోకి వెళ్తే భేజ్జి వస్తుంది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఫిబ్రవరి నుంచి మే దాకా చింతకాయ దులుపుతారు. పెంకు తీసి, గింజతోనే తట్టల్లో తెచ్చి అమ్మడం అక్కడి అలవాటు. గింజా ఈనే తీసిన పండును మాత్రం బస్తర్ వ్యాపారులు 'ఫూల్' అంటారు. నూరు కిలోల గింజపండు కొట్టిస్తే యాభై అయిదు, అరవై కిలోల ఫూల్ దిగుతుంది. భేజ్జిలో ఏడుగురు ఆడవాళ్ళు ఇంటి దగ్గరే కొట్టి, ఈనెలు ఏరి నాకు ఇచ్చేవాళ్ళు. పండు ధర, కొట్టుడు కూలి, గోనెసంచి, హమాలీ అన్నీ వేసుకుంటే భేజ్జిలో బస్తా కట్టేసరికి నాకు కిలో 98 పడేది. అక్కణ్ణుంచి కుంటకు బొలెరో బండి 2,500. వంద కిలోలు వేసినా అంతే, వెయ్యి వేసినా అంతే.

ఆ 2,500ను నేను కాగితంలో ఎక్కడా చూసుకోలేదు. ఎక్కువ కొన్నవాడికి తక్కువ ధర ఇవ్వాలన్న ఒక్క మాటే తలలో ఉంది. ఎంత తక్కువ అంటే, మెట్టుకు ఎనిమిది రూపాయలు. ఎందుకు ఎనిమిది? చూడ్డానికి బాగుందని.

మొదటి దెబ్బ ఖమ్మం నుంచి వచ్చింది. అక్కడ కిరాణా టోకు కొట్టు నడిపే ఒకాయన 480 కిలోలు కావాలన్నాడు. లెక్క వేసి 57,600 అని చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "తమ్ముడూ, అయిదొందలు పంపు, 56,000 ఇస్తా" అన్నాడు. అదేం అన్యాయం అనబోయి కాగితం చూసుకుంటే అందులో అన్యాయమేమీ లేదు, నేను రాసిందే. ఇరవై కిలోలు ఎక్కువ ఇచ్చి 1,600 తక్కువ పుచ్చుకున్నాను. తర్వాత తీరిగ్గా కూర్చుని చూస్తే, 467 కిలోల నుంచి 499 దాకా నా దగ్గర ఎవరూ కొనరని తేలింది. 56,000ను 120తో భాగిస్తే 466 చిల్లర వస్తుంది. ఆ అంకె దాటిన ఎవరికైనా 500 కొనడమే చవక. రెండో మెట్టు దగ్గర కూడా అంతే. 929 కిలోలు కావలసినవాడు వెయ్యి అడుగుతాడు.

ఇంకో ఆయన 1,200 కిలోలు అడిగి, మొదటి 499 కిలోలకు 120, తర్వాతి వాటికి 112, వెయ్యి దాటిన రెండొందలకు మాత్రమే 104 కాబోలనుకుని వద్దన్నాడు. కరెంటు బిల్లు అలాగే వస్తుంది కదా మరి. స్లాబు అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది ఆ బిల్లే. నా ఉద్దేశం మొత్తం సరుకుకు 104 అని. కాగితంలో ఆ మాట లేదు. చవగ్గా ఇస్తానన్నా బేరం పోయింది.

కనీస ఆర్డరు వంద అన్నాను, బస్తా ముప్ఫై అన్నాను. వందకు మూడు బస్తాలు, పది కిలోల ముక్క. ఆ పది కోసం ప్రతిసారీ ఒక నిండు బస్తా కుట్టు విప్పాలి. విప్పిన చింతపండు గాలికి పైన గట్టిపడుతుంది, ముసురు పట్టిందంటే చెమ్మ లాగి నల్లబడుతుంది. సీజన్ చివర నా గదిలో అలా విప్పిన బస్తాలు తొమ్మిది మిగిలాయి. వాటిని కుంటలో చిల్లరగా, అడిగిన ధరకు ఇచ్చేశాను.

ఇక పెద్ద ఆర్డరు సంగతి. అదే ఖమ్మం ఆయన ఏప్రిల్‌లో వెయ్యి కిలోలు రాశాడు. సంతోషంతో ఇంట్లో స్వీట్లు పంచాను. ముప్ఫై మూడు నిండు బస్తాలు, పది కిలోల చిన్నది ఒకటి, మొత్తం ముప్ఫై నాలుగు. పండు సరిగ్గా వెయ్యి కిలోలు. కుంటలో కాటా పెడితే 1,020 వచ్చింది. ఒక్కో గోనె ఆరొందల గ్రాముల వరకు తూగుతుంది, ఆ ఇరవై కిలోలు గోనెవి. అది నాకు తెలుసు. తెలిసే 1,020 కిలోలకు 104 చొప్పున 1,06,080కి బిల్లు రాశాను. అందరూ అలాగే చేస్తారని నాకు నేనే చెప్పుకున్నాను. గోనెసంచి 104 రూపాయల కిలో లెక్కన అమ్ముడుపోతుంటే ఎవరికి చేదు?

ఖమ్మంలో ఆయన కాటా మీద బస్తాలన్నీ కలిపి వెయ్యి. దారిలో ఎండకు ఇరవై తగ్గింది. లోపల కవరు లేని గోనెలో ఏప్రిల్ నెలలో అంత తగ్గడం వింత కాదు. ఆయన గోనె ఇరవై కూడా తీసేసి 980కే డబ్బు పంపాడు, 1,01,920. ఫోన్ చేసి అరిచాను. "నీ కాగితంలో గోనెతో తూకమని రాశావా? నీ కాటా లెక్కన్నావా, నా కాటా లెక్కన్నావా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఖర్చు చూస్తే వెయ్యి కిలోలకు 98 వేలు, బండి 2,500, మొత్తం 1,00,500. మిగిలింది 1,420 రూపాయలు. అంతకుముందు అదే మనిషికి పంపిన 500 కిలోలకు 51,500 ఖర్చు పోను తరుగు తీయకముందు 4,500 మిగిలింది. గోనె గొడవ, ఎండ తరుగు లేకుండా వెయ్యి కిలోలు సజావుగా దిగినా 3,500కు మించి వచ్చేది కాదు. ఆర్డరు రెట్టింపైతే లాభం తగ్గే ఏర్పాటు నేనే చేసుకున్నాను. బండి కిరాయి వంద కిలోల మీద కిలోకు 25 పడుతుంది, అయిదొందల మీద 5, వెయ్యి మీద రెండున్నర. అంటే మొదటి మెట్టు దగ్గర నాకు ఇరవై కలిసొస్తే ఎనిమిది వదిలాను, రెండో మెట్టు దగ్గర రెండున్నరే కలిసొస్తే అక్కడా ఎనిమిదే వదిలాను. వంద కిలోలు కొన్నవాడి దగ్గరైతే కిలోకు మూడు రూపాయలు ఎదురు పెట్టాను.

ఇది అర్థమయ్యేలోపే ఇంకొక పని చేశాను. రాయడానికి మనసొప్పనిది అదే. ఆ వారం భేజ్జి వెళ్ళి ఆ ఏడుగురి దగ్గరా ఇరవై కిలోలకు ఒక కిలో 'తరుగు' కోశాను. బస్తర్‌లో వ్యాపారులు ఉప్పు ఇచ్చి చింతపండు పట్టుకుపోయిన కథలు మా ఇంట్లో పెద్దవాళ్ళు నవ్వుతూ చెప్పేవారు. తూకంలో మోసం ఆపాలనే తొంభైల చివర్లో జగదల్‌పూర్ నుంచి 'ఇమ్లీ ఆందోళన్' పేరుతో సర్కారే ఊళ్ళలో కొనుగోలుకు దిగింది. అవన్నీ తెలిసినవాణ్ణే. ఒక దోర్లామె మాత్రం తట్ట కింద పెట్టి అడిగింది: "ఇక్కడ తూస్తే సరిపోయింది కదా సావుకారీ. నీ లారీలో ఎండితే నన్నడుగుతావేంది?" ఖమ్మం ఆయన ప్రశ్నా ఇదే. తూకం ఎక్కడిది, ఎవరిది అని. ఆమెకు కూడా జవాబు చెప్పలేదు, కోసిన కిలో మాత్రం తిరిగి ఇవ్వలేదు.

తర్వాతి సీజన్ కాగితం ఇలా రాశాను:

"బస్తర్ చింతపండు, గింజ, ఈనె తీసినది, ఈ ఏటి పంట. బస్తాలో నికర తూకం 25 కిలోలు, సంచి బరువు కాక. లోపల పాలిథిన్ కవరు, పైన గోనె. కనీస ఆర్డరు 8 బస్తాలు. ఆ పైన ఎన్నైనా నిండు బస్తాలే, విప్పి ఇవ్వబడదు. మొదటి 8 బస్తాలకు బస్తా 3,000 రూపాయలు. ఒకే లోడులో ఆ పైన తీసుకునే ప్రతి బస్తా 2,675. తూకం కుంటలో, కొన్నవారి మనిషి ఎదుట, లేదా వీడియో పంపి. లోడెక్కాక తరుగు మాది కాదు. ధర జూన్ నెలాఖరు వరకే."

ఇందులో మెట్టు లేదు కాబట్టి దూకేవాడూ లేడు. మొదటి ఎనిమిది బస్తాలు బండి కిరాయిని మోస్తాయి, ఆ పైన ప్రతి బస్తా మీద 225 మిగులుతుంది. రెండొందల కిలోల మీద నాకు 1,900, అయిదొందల మీద 4,600, వెయ్యి మీద 9,100. కనీసం ఎనిమిదని ఊరికే పెట్టలేదు. నాలుగు బస్తాలైతే 300 నష్టం, అయిదైతే 250 లాభం, దానికోసం ఒక రోజు భేజ్జి దాకా తిరగడం దండగ. 'ఒకే లోడులో' అన్న మాట లేకపోతే ఇరవై బస్తాలు చెప్పి నాలుగు విడతల్లో తీసుకుంటారు, నాలుగు బళ్ళూ నా మీదే పడతాయి. ఒకసారి పడ్డాయి కూడా. బస్తా మీద ప్యాక్ చేసినవాడి పేరు, చిరునామా, సరుకు పేరు, నికర తూకం ఉండాలన్నది 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ నియమాల్లోనే ఉంది. నేను మాత్రం ఖమ్మంలో దెబ్బ తిని నేర్చుకున్నాను.

పాలిథిన్ కవరు తొలి వారంలో ఇంకో తలనొప్పి తెచ్చింది. ఎండలో ఆరబెట్టిన పండును వేడిమీదే కవర్లో కుక్కి కుట్టేశాం. నాలుగో రోజు విప్పితే కవరు లోపల చెమట, పండు మీద తెల్లని బూజు. ఇప్పుడు సాయంత్రం నీడలో పరిచి, రాత్రంతా చల్లారాక తెల్లారి కడుతున్నాం. కవరుకు లోపలివైపు చెయ్యి పెడితే తడి తగలకూడదు, అదే పరీక్ష.

ఖమ్మం ఆయన మొన్న 22 బస్తాలు పట్టుకెళ్ళాడు. 61,450 రూపాయలు, ఒక్క మాట బేరం లేకుండా. భేజ్జిలో కోసిన తరుగు డబ్బు ఆ ఏడుగురిలో అయిదుగురికి తిరిగి ఇచ్చాను. మిగతా ఇద్దరూ మళ్ళీ నా కాటా దగ్గరికి రాలేదు. తట్ట కింద పెట్టి అడిగినామె ఆ ఇద్దరిలో ఒకరు.