‘థింగ్స్’ అంటే ఏవేవి?

ఝరాసంగం మండలం నుంచి వచ్చి మా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఈ ఏడు పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టింది. మన ఆడవాళ్లు విత్తనం ఎట్లా దాచుకుంటారన్నది ఆమె అంశం. ప్రతిపాదన తిరిగొచ్చింది. దాని మీద ఒకే ముక్క: భాష అకడమిక్‌గా లేదు. ఎక్కడ లేదో రాయలేదు. "సార్, గింజ గురించి ఒక్కటి అడగలే. ఇంగ్లీషు చూసి పక్కకు పెట్టిన్రు" అన్నది.

ఇంట్లో ఇంగ్లీషు పుస్తకాలున్న పిల్లలకు ఈ పద్ధతులు చెప్పకుండానే వస్తాయి. మనకు చెప్పేవాళ్లుండరు, రాకపోతే తెలివి లేదంటారు. అందుకే ఆమె రాసిన మూడు వాక్యాలు తీసుకొని చెప్తున్నా: "విమెన్ డోంట్ బై సీడ్స్. దే పిక్ అవుట్ గుడ్ వన్స్, పుట్ స్టఫ్ ఇన్ అండ్ కీప్ థింగ్స్ ఇన్ బాస్కెట్స్. ఇట్స్ గాన్ డౌన్ నౌ."

వ్యాకరణం తప్పు కాదు. మనిషి ఎదురుగా ఉంటే చక్కగా అర్థమవుతుంది. కానీ ఇవి మాట్లాడే వాక్యాలు.

మొదటిది, కుదించిన మాటలు. ‘డోంట్’ను ‘డూ నాట్’ అని విప్పి రాయాలి. ‘కాంట్’ను విప్పితే ‘కెనాట్’, అది ఒకే పదం. ‘ఇట్స్’ దగ్గర కొంచెం ఆగాలి. అది ‘ఇట్ ఈజ్’ కావచ్చు, ‘ఇట్ హ్యాజ్’ కావచ్చు. రెండూ పెట్టి చదవండి. ఏదీ అతకకపోతే అది ‘దాని యొక్క’ అనే ‘ఇట్స్’, దానికి కామా గుర్తు ఉండదు. ఈమె వాక్యంలో ‘ఇట్ హ్యాజ్’ అతుకుతుంది. విప్పగానే ఇంకో ప్రశ్న లేచింది: ఆ ‘ఇట్’ ఏమిటి? తగ్గింది గింజా, పంటా, దాచుకునే అలవాటా? అలవాటు అన్నది. అయితే ‘ద ప్రాక్టీస్’ అని రాయాలి.

రెండోది, జంట క్రియలు. ‘పిక్ అవుట్’, ‘గో డౌన్’ లాంటివి. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక కొలువుకు ఫ్రెంచి, చదువుకు లాటిన్ నడిచాయి. ఇంటి మాటలు ఇంట్లోనే ఉండిపోయాయి. మన దగ్గర ‘ఏరుకోవడం’ వాకిట్లో, ‘ఎంపిక’ కాగితంలో ఉన్నట్టే. అందుకే ‘పిక్ అవుట్’ స్థానంలో ‘సెలెక్ట్’, ‘గాన్ డౌన్’ స్థానంలో ‘డిక్లైన్డ్’. కొలత తగ్గితే ‘డిక్రీజ్డ్’, అలవాటు సన్నగిల్లితే ‘డిక్లైన్డ్’. ఏది తగ్గిందో తెలిస్తేనే మాట దొరుకుతుంది. అట్లని ప్రతిచోటా బరువైన మాట వెతకొద్దు. ‘యూజ్’ సరిపోయేచోట ‘యుటిలైజ్’ అక్కర్లేదు. ‘క్యారీ అవుట్’ పరిశోధన పత్రాల్లో కూడా కనబడుతుంది.

మూడోదే అసలు సంగతి. ‘స్టఫ్’ అంటే ఏమిటమ్మా అని అడిగితే, బూడిద, వేపాకు అన్నది. ‘థింగ్స్’ అంటే జొన్న, కంది, కొర్ర. బుట్ట వెదురుది, పేడ, మట్టి కలిపి అలికి మూత మూసేస్తారు. ఇంత తెలిసిన పిల్ల ‘స్టఫ్’ అని రాస్తే, చదివేవాడికి ఆమెకు ఏమీ తెలియదనే అనిపిస్తుంది. అంబేడ్కర్ 1916లో కొలంబియాలో చదివిన కులాల పత్రాన్ని చూడండి. ముందటివాళ్ల నిర్వచనాలను ఒక్కొక్కటే పరీక్షించి, కులానికి ఆయువుపట్టు ఎండోగమీ, అంటే తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడం అని తేల్చారు. ‘ఆచారాలు’ అని వదిలేసి ఉంటే ఆ వాదన నిలబడేది కాదు.

ఇప్పుడు ఆమె వాక్యాలు ఇట్లున్నాయి: "విమెన్ డూ నాట్ బై సీడ్. దే సెలెక్ట్ సార్గమ్, పీజియన్ పీ అండ్ ఫాక్స్‌టెయిల్ మిల్లెట్ సీడ్, మిక్స్ ఇట్ విత్ యాష్ అండ్ నీమ్ లీవ్స్, అండ్ స్టోర్ ఇట్ ఇన్ బాంబూ బాస్కెట్స్ సీల్డ్ విత్ క్లే అండ్ డంగ్. ద ప్రాక్టీస్ హ్యాజ్ డిక్లైన్డ్." ఇందులో పెద్ద మాటలు ఎన్ని? సామాన్లకు పేర్లొచ్చాయి, అంతే.

ఈ కట్టుబాట్లన్నీ పరిశోధకురాలి సొంత వాక్యాలకే. ఆడవాళ్లు చెప్పినవి కొటేషన్‌లో పెడితే అక్కడ సవరణ చేయొద్దు. అనువాదం చేసినా మాట్లాడిన తీరులోనే ఉంచాలి. ఇదే మండలంలోని మాచనూరులో 2008 నుంచి సంఘం రేడియోలో దళిత ఆడవాళ్లు తమ బాసలోనే మాట్లాడుతున్నారు. ఆ మాటకు మనం కోటు తొడగాల్సిన పని లేదు.

పంపే ముందు ఒక పని చేయండి. కంప్యూటర్లో Ctrl+F నొక్కి ముందు ' గుర్తును, తర్వాత thing, stuff, a lot వెతకండి. దొరికిన ప్రతిచోటా ‘అంటే ఏది?’ అని అడగండి. ఆమె అట్లనే వెతికింది. ఒకచోట ‘ఫర్ ఎ లాంగ్ టైమ్’ అని కూడా కనబడింది. బుట్టలో గింజ ఎన్ని నెలలు నిలుస్తుందో తనకూ తెలియదు. ఇప్పుడు అమ్మను అడిగి రాసుకొస్తానని ఊరికి పోయింది.