సహానుభూతికి హద్దు

రంగస్థలం మీద సీత దుఃఖిస్తే సహృదయుని కన్ను చెమరుస్తుంది. అయినా అతడు లేచి వేదిక మీదికి పరుగెత్తడు. ఆ దుఃఖం తనది కాదన్న ఎరుక అతనిలో ఉంటుంది. దాంపత్యంలో ఆ ఎరుక చెరిగిపోయి, భాగస్వామి మనఃస్థితికంతటికీ తానే బాధ్యుణ్ణనో బాధ్యురాలిననో భావించే అలవాటును ‘కోడిపెండెన్సీ’ అంటున్నారు. మద్యపానానికి బానిసలైనవారి కుటుంబాలను గమనించినవారి వాడుకలో పుట్టిన ఈ మాట, 1986లో మెలడీ బీటీ రచించిన గ్రంథంతో బహుళ ప్రచారం పొందింది. వైద్యుల రోగపట్టికలో ఇది లేదు. తాగుడు ఎరుగని ఇళ్ళలోనూ కనబడుతుంది.

నాతో పనిచేసిన ఒక గణితోపాధ్యాయిని తన సంగతి చెప్పింది. ఆమె అనుమతితోనే వ్రాస్తున్నాను. సాయంత్రం భర్త స్కూటరు స్టాండు వేసే చప్పుడును బట్టి ఆనాటి వాతావరణాన్ని ఆమె గ్రహించేది. ఆయన మౌనంగా ఉంటే, ఉదయం నుండి తానేమన్నదో నెమరువేసుకొనేది. “ఏమైందండీ?” అని అడిగేది. “ఏమీ లేదు” అంటే మళ్ళీ అడిగేది. నాలుగోసారికి ఆయన విసుక్కొనేవాడు. ఆమెకు ఏడుపు వచ్చేది. చివరకు, ఆఫీసులో మాటపడి వచ్చిన మనిషే భార్యను ఓదార్చవలసి వచ్చేది. అందువల్ల ఆయన తన కష్టాలను దాచసాగాడు. దాచినకొద్దీ ఆమె మరింత నిశితంగా ఆయన ముఖాన్ని చదవసాగింది.

ఇందులోని కీలకం ఆ రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న ఆయన కోసం. రెండోది తన గుండెదడ తగ్గించుకోవడం కోసం. ఆయన నవ్వితే తప్ప ఆమెకు నెమ్మది లేదు. అంటే ఆమె శాంతి తాళంచెవి ఆయన జేబులో ఉన్నది.

ఒక మానసిక నిపుణురాలి సలహాపై ఆమె ఒక నియమం పెట్టుకొన్నది. ఒక్కసారే అడగడం. “చెప్పాలనిపించినప్పుడు చెప్పండి, వింటాను” అని, దిద్దవలసిన పుస్తకాల ముందు కూర్చోవడం. మొదట్లో కలం కదలలేదట. అది సహజమే, ఆందోళన వెంటనే చల్లారదు, కాని మళ్ళీ అడగకపోతే తనంత తానే తగ్గుతుంది. అడిగిన ప్రతిసారీ కలిగే క్షణికమైన ఊరటే ఆ అలవాటును పెంచుతుంది. కొన్ని వారాలకు, అడగకుండానే ఆయన పక్కన కూర్చొని ఆఫీసు సంగతి చెప్పాడు. ఆమె విన్నది, పరిష్కారం చెప్పబోలేదు.

పట్టించుకోకపోవడం వేరు, ఇది వేరు. అలిగి మాట్లాడకపోవడమూ ఎదుటివారి మనసును లొంగదీసే యత్నమే.

ఒక్క హెచ్చరిక. భర్త కోపం చేతుల దాకా వచ్చే ఇంట్లో ఆయన అడుగుల చప్పుడును ఆలకించడం అలవాటు కాదు, ఆత్మరక్షణ. అక్కడ ఈ నియమం పనికిరాదు. అక్కడ కావలసింది అండ. 181 మహిళా సహాయవాణి ఉన్నది అందుకే.