మిరియం గింజంత చందమామ

కార్తీక పౌర్ణమి. సాయంత్రం ఆరు కావస్తోంది. సుల్తాన్‌పూర్ మెడికల్ డివైజెస్ పార్కులో జనరల్ షిఫ్ట్ ముగించుకుని బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డాం. దుండిగల్ వైపు ఔటర్ లైట్ల వరుస చివర చందమామ లేచాడు. ఇత్తడి తాంబాళం అంత ఉన్నాడు! పక్కనున్న వాళ్లు కూడా ఫోన్లు తీశారు. "సూపర్ మూన్ అంట" అన్నారెవరో.

ఊళ్లో అమ్మ ఒక్కపొద్దు ఉంది. చూపిద్దామని నేనూ ఒక ఫొటో తీసి చెల్లె ఫోన్‌కు పంపాను. రెండు నిమిషాల్లో జవాబు: "అన్నా, ఇందుల చందమామ ఏది?"

ఫొటో తెరిచి చూశాను. స్తంభాల లైట్ల మధ్య ఇంకో లైటులా ఒక తెల్లచుక్క, అంతే. పరువు కాపాడుకోవాలి కదా. "కెమెరాకు అంతే వస్తది. కింద ఉన్నప్పుడు గాలి లెన్స్ లెక్క పెద్దగ చూపిస్తది" అని టైప్ చేశాను. చెల్లె పదో తరగతి. "మస్తుంది, సోమవారం సైన్స్ క్లాస్‌ల చెప్త" అంది.

అప్పుడు మొదలైంది నా గుబులు. నేను క్వాలిటీలో పనిచేస్తాను. సన్నని ప్లాస్టిక్ ట్యూబుల మందం కొలవడమే నా ఉద్యోగం. చేరిన మొదటి నెలలో ఒక ట్రేలోని ట్యూబులు లావుగా ఉన్నాయని లాట్ మొత్తం పక్కన పెట్టించాను. సీనియర్ వచ్చి గేజ్‌లో దూర్చి చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ ట్రే గాళ్లు ఇరుకు. ఇరుకు గాడిలో అదే ట్యూబు లావుగా కనిపించింది. "కన్ను చెప్పింది రాయకు తమ్మీ, గేజ్ చెప్పింది రాయి" అన్నాడాయన. మరి చందమామను నేను ఏ గేజ్‌తో కొలిచానని చెల్లెకు చెప్పాను?

రాత్రి పటాన్‌చెరులో రూమ్‌కు వచ్చాక లెక్క వేశాను. చందమామ వెడల్పు 3,474 కిలోమీటర్లు. మన నుంచి దూరం సగటున 3,84,000 కిలోమీటర్లు. అంటే దూరం వెడల్పుకు సుమారు 110 రెట్లు. చేయి పూర్తిగా చాచితే నా కంటికీ వేళ్లకూ మధ్య 60 సెంటీమీటర్లు. దాన్ని 110తో భాగిస్తే దాదాపు ఐదున్నర మిల్లీమీటర్లు. అంటే అంత వెడల్పున్న వస్తువును చేయి చాచి పట్టుకుంటే చందమామ సరిగ్గా మూసుకుపోవాలి. వంటసామాన్ల డబ్బాలో ఒక లావుపాటి మిరియం గింజ ఆ కొలతకు సరిపోయింది.

రాత్రి పదకొండింటికి డాబా ఎక్కాను. చందమామ దాదాపు నడినెత్తిన, చిన్నగా ఉన్నాడు. గింజ పట్టుకుంటే అంచుల దగ్గర సన్నటి వెలుగు తప్ప అంతా మూసుకుపోయింది. మర్నాడు ఏడు కావస్తుండగా మళ్లీ ఎక్కాను. తూర్పున ఇళ్ల వెనక నుంచి అదే పెద్ద పళ్లెం పైకి వస్తోంది. ఈసారి గింజ చాలదేమో అనుకున్నాను. చాలింది. అదే గింజ, అదే సన్నటి అంచు.

మీరూ చేయొచ్చు, కాకపోతే ఒక కన్ను మూయాలి, లేకపోతే గింజలు రెండు కనిపిస్తాయి. మోచేయి కొంచెం వంగినా కొలత మారిపోతుంది. ఫోన్‌తో చేస్తే రెండుసార్లూ ఒకే జూమ్ పెట్టి, చందమామ మీద వేలితో నొక్కి వెలుతురు తగ్గించాలి. లేదంటే వెలుగు చిమ్మి ఫొటోలో చందమామ ఉబ్బిపోతాడు.

నా ఫొటో తప్పు కూడా కెమెరాది కాదు. ఫోన్ మామూలు లెన్స్ అడ్డంగా సుమారు 70 డిగ్రీలు చూస్తుంది. చందమామ అర డిగ్రీ మాత్రమే. ఫ్రేమ్ ఈ చివర నుంచి ఆ చివరకు నూట నలభై చందమామలు పేర్చొచ్చన్నమాట. కెమెరా ఉన్నదున్నట్టు చెప్పింది.

గాలి సంగతి? గాలి వెలుగును వంచే మాట నిజమే. కానీ కింది అంచు వెలుగును పై అంచు కన్నా ఎక్కువ వంచి పైకి లేపుతుంది కాబట్టి, నేలకు దగ్గరగా చందమామ నిలువునా కాస్త నొక్కుకుపోతాడు. పెద్దవాడు కాడు. ఇంకో తమాషా ఉంది. అంచున ఉన్నప్పుడు చందమామ మనకు భూమి వ్యాసార్ధమంత, అంటే సుమారు 6,400 కిలోమీటర్లు, అదనంగా దూరంలో ఉంటాడు. కాబట్టి పిసరంత చిన్నగానే ఉండాలి. సూపర్ మూన్ అయితే? అత్యంత దగ్గరి పౌర్ణమికీ అత్యంత దూరపు పౌర్ణమికీ వెడల్పులో తేడా సుమారు 14 శాతం. అది నడినెత్తిన ఉన్నప్పుడూ అలాగే ఉంటుంది, రాత్రికి రాత్రి కుంచించుకుపోదు.

మరి పెద్దగా చేస్తున్నదెవరు? ఇది మనసు పని అని 11వ శతాబ్దంలోనే ఇబ్న్ అల్ హైథమ్ అనే అరబ్ శాస్త్రవేత్త రాశాడు. దాన్ని అర్థం చేసుకోవడానికి ఫోన్ చాలు. గదిలో లైట్ తీసేసి, స్క్రీన్ మీద నల్లటి నేపథ్యంలో తెల్ల చతురస్రం పెట్టి, ముప్పై సెకన్లు దాని మధ్యలోకే చూడండి. తర్వాత లైట్ వేసి దగ్గరున్న కాగితం వైపు చూస్తే చిన్న నీడ కనిపిస్తుంది. చూపు దూరపు గోడ మీదకు తిప్పితే అదే నీడ పెద్దదవుతుంది. కంటి లోపల ముద్ర మారలేదు. 'ఇది దూరంలో ఉంది, మరి ఇంత ముద్ర వేసిందంటే పెద్దదే అయి ఉండాలి' అని మెదడు లెక్క కట్టింది. 1881లో ఎమిల్ ఎమెర్ట్ దీన్ని సూత్రంగా చెప్పాడు.

ఈ లెక్క రోజూ మనకు పనికొచ్చేదే. మా బస్సు రోడ్డు చివర కనిపించినప్పుడు బొటనవేలి గోరు కన్నా చిన్నగా ఉంటుంది. అయినా బొమ్మ బస్సు వస్తోందని ఎవరూ అనుకోరు. అంచున ఉన్న చందమామ ముందు పొలాలు, స్తంభాలు, ఇళ్లు వరుసగా పరుచుకుని ఉంటాయి కాబట్టి మెదడు అతణ్ని వాటన్నిటికీ అవతల పెట్టి పెద్దవాణ్ని చేస్తుంది. నడినెత్తిన దూరం చెప్పే వస్తువేదీ లేదు. 1962లో లాయిడ్ కాఫ్‌మన్, ఇర్విన్ రాక్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు కృత్రిమ చందమామలను ఆకాశంలో కనిపించేలా చేసి దీన్ని పరీక్షించారు. ముందున్న నేల కనిపించకుండా మూసేస్తే భ్రమ పోయింది. నేనూ కాగితం గొట్టంలోంచి చూశాను. పళ్లెం ఠక్కున చిన్నదైంది. గొట్టం తీస్తే మళ్లీ పెద్దదైంది.

కథ ఇక్కడితో తేలలేదు మరి. అంచున చందమామ దూరంగా అనిపిస్తున్నాడా అని అడిగితే చాలామంది "కాదు, దగ్గరగా ఉన్నాడు" అంటారు. మా అమ్మా అదే అంటుంది. దూరం లెక్కే కారణమైతే ఆ జవాబు రాకూడదు. పెద్దగా కనిపించాడు కాబట్టి దగ్గరున్నాడని తర్వాత అనుకుంటారని కొందరు సర్దిచెబుతారు. కొందరు ఒప్పుకోరు. అందరూ ఒప్పుకున్న ఒక్క వివరణ ఇప్పటికీ లేదు.

ఆదివారం రాత్రి చెల్లెకు ఫోన్ చేసి, "నేను చెప్పింది తప్పు, క్లాస్‌ల చెప్పకు" అన్నాను. నవ్వింది. మిరియం గింజ పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తింది. తూర్పున అప్పుడే చందమామ లేస్తున్నాడు. "నిజమే అన్నా, మూసుకపోయిండు!"

వెనక నుంచి అమ్మ గొంతు వినపడింది: "గింజ పక్కకు తియ్యి. చూడు, ఎంత పెద్దగున్నడో!"

నాకూ అలాగే కనిపిస్తున్నాడు.